చాట్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా మాటలు బయటికెలా పోయాయి?

నీలిసిరా | సోమవారం రాత్రి 9:12

నేను, నా స్నేహితురాలు ఇద్దరమే ఉండే చాట్. గ్రూపు కాదు. పైన "ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్" అని రాసి ఉంటుంది. అందులో నేను రాసిన ఒక వాక్యాన్ని మా ఇద్దరికీ తెలిసిన ఒకాయన మొన్న నా ముందే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. నవ్వుతూ మరీ.

నా ఫోన్‌కి వేలిముద్ర లాక్ ఉంది. టూ-స్టెప్ పిన్ ఉంది. బ్యాకప్‌కి కూడా పాస్‌వర్డ్ పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదని స్నేహితురాలు ఒట్టేసి చెబుతోంది, నేను నమ్ముతున్నాను. మరి ఆ ఎన్‌క్రిప్షన్ అనేది ఉత్తదేనా? యాప్ పేరు కావాలనే రాయడం లేదు. తప్పు దానిదో కాదో తేలకుండా తిట్టడం నాకిష్టం లేదు.

మబ్బుచాటు | సోమవారం రాత్రి 9:30

ఉత్తదే. యాప్ రాసింది వాళ్ళు, సర్వర్లు వాళ్ళవి, తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉందంటే నమ్మేశాం. డబ్బు తీసుకోకుండా ఇంత పెద్ద సర్వీసు నడిపేవాడు మన మాటలు చదవడా? వాళ్ళ దగ్గర్నుంచే బయటికొచ్చి ఉంటుంది.

అటకమీద | సోమవారం రాత్రి 9:41

యాప్‌లోనే విడిగా లాక్ పెట్టుకునే సెట్టింగ్ ఉంటుందమ్మా, అది ఆన్ చేసుకోండి. నేను అది పెట్టుకున్న దగ్గర్నుంచి మా ఇంట్లో పిల్లలెవరూ నా చాట్లు తెరవలేకపోతున్నారు. ఎన్‌క్రిప్షన్ అంటే అదే కదా.

గొళ్ళెం | సోమవారం రాత్రి 10:05

అటకమీద గారూ, అది వేరు, ఇది వేరు. మీరు చెప్పేది మీ ఫోన్ పట్టుకున్నవాళ్ళని ఆపే తలుపు. ఎన్‌క్రిప్షన్ కాపలా కాసేది ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి వెళ్ళే దారిని. ఆ తలుపు బార్లా తెరిచి ఉన్నా ఈ దారి భద్రంగానే ఉంటుంది. తలుపు వేసి ఉన్నంత మాత్రాన దారికి కొత్తగా వచ్చే భద్రత కూడా ఏమీ లేదు.

నీలిసిరా గారూ, నేను కొన్నేళ్ళు మెసేజింగ్ సర్వర్ల మీద పనిచేశాను. ఇలాంటి కేసుల్లో "ఎవరు చేశారు" అని వెతికితే ఎటూ తేలదు. "సరిగ్గా ఏది బయటికి వెళ్ళింది, ఎప్పటిది" అని అడిగితే సగం దారులు వాటంతటవే మూసుకుపోతాయి. అందుకని మూడు విషయాలు చెప్పండి. ఆయన చెప్పిన వాక్యం మీరు ఏ రోజు, ఏ వేళకి రాశారు? అది ఇప్పటికీ చాట్‌లో ఉందా? మీ ఇద్దరికీ బ్యాకప్ ఎప్పుడెప్పుడు అవుతుంది?

నీలిసిరా | సోమవారం రాత్రి 10:22

గురువారం పొద్దున 11:40కి రాశాను. కోపంలో రాసింది, పది నిమిషాలకే ఇద్దరి దగ్గరా పోయేలా డిలీట్ చేశాను. ఇప్పుడు అక్కడ "ఈ మెసేజ్ తొలగించబడింది" అని మాత్రమే కనిపిస్తోంది. నా బ్యాకప్ రాత్రి రెండు గంటలకి అవుతుంది. తనది వారానికోసారి, ఆదివారం రాత్రి.

గొళ్ళెం | సోమవారం రాత్రి 10:48

ఆ పది నిమిషాలు చాలా పనికొచ్చాయి.

చాట్లు బయటపడే దారుల్లో నేను మొదట అనుమానించేది బ్యాకప్‌నే. వాట్సాప్ సంగతే తీసుకుంటే, 2016 ఏప్రిల్‌కల్లా అందరి మెసేజ్‌లనీ ఎండ్-టు-ఎండ్ చేశారు. క్లౌడ్‌లోకి వెళ్ళే బ్యాకప్‌కి మాత్రం అదే స్థాయి రక్షణ 2021 అక్టోబరులో గానీ రాలేదు. వచ్చాక కూడా దాన్ని మనమే వెతికి ఆన్ చేసుకోవాలి. చేసుకోనివాళ్ళ చాట్లన్నీ వాళ్ళ క్లౌడ్ అకౌంట్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళకి అందే దూరంలోనే ఉన్నట్టు. మీరు ఆన్ చేసుకున్నారు, బాగుంది. కానీ మీరు రాసిన ప్రతి మాటా మీ స్నేహితురాలి బ్యాకప్‌లో కూడా ఉంటుంది, తను ఆన్ చేసుకుందో లేదో మనకి తెలియదు.

అయినా ఇక్కడ బ్యాకప్ నిర్దోషి. 11:40కి పుట్టి 11:50కి పోయిన మెసేజ్ రాత్రి రెండింటికి తీసిన కాపీలో ఉండే అవకాశం లేదు, ఆదివారం కాపీలో అసలే లేదు. ఆయన ఎవరో గానీ దాన్ని ఆ పది నిమిషాల్లోనే చూశాడు. అంటే ఎక్కడో ఒక తెర మీద మీ మాటలు మీకు కనిపించినప్పుడే ఆయనకీ కనిపిస్తున్నాయి.

ఇద్దరూ సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి ఏమేం ఉన్నాయో రాయండి. ముఖ్యంగా ఆవిడది.

మబ్బుచాటు | సోమవారం రాత్రి 11:02

కంపెనీవాడు చదివినా పది నిమిషాల్లో చదవగలడు కదా. ఆ దారి ఎలా మూసుకుపోయింది?

పాతకాపు | సోమవారం రాత్రి 11:10

కంపెనీవాడు చదివి, తీరిగ్గా ఈవిడకి తెలిసినాయన్ని వెతికి పట్టుకుని చెవిలో ఊదాడంటావా?

మబ్బుచాటు | సోమవారం రాత్రి 11:13

వెటకారం వద్దు సార్. అడిగింది సూత్రం గురించి.

గొళ్ళెం | మంగళవారం ఉదయం 7:20

సూత్రం గురించే చెబుతాను, ప్రశ్నలో తప్పేమీ లేదు.

నీలిసిరా గారు సెండ్ నొక్కినప్పుడు ఏమవుతుందో చూడండి. ఆవిడకి ఒక ఫోన్, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయనుకుందాం. స్నేహితురాలికి ఒక ఫోన్, ఇంకో రెండు కంప్యూటర్లు లింక్ అయి ఉన్నాయనుకుందాం. ఈవిడ ఫోన్ ముందు సర్వర్‌ని "అవతలి మనిషికి ఎన్ని డివైసులున్నాయి, వాటికి సీలు వేసే పబ్లిక్ కీలేమిటి" అని అడుగుతుంది. తర్వాత ఒకే మెసేజ్‌ని నాలుగుసార్లు విడివిడిగా మూసి సీలు వేస్తుంది. మూడు స్నేహితురాలి మూడు డివైసులకి, నాలుగోది ఈవిడ సొంత ల్యాప్‌టాప్‌కి. ఒకదాని సీలు ఇంకోదాని కీతో ఊడదు. సర్వర్‌కి చేరేవి ఈ నాలుగు మూసిన కవర్లే. తెరిచే కీలు ఆ నాలుగు డివైసుల్లోనే పుట్టి అక్కడే ఉంటాయి, సర్వర్‌కి ఎప్పుడూ పోవు. అందుకని సర్వర్‌లో పనిచేసేవాడికీ, మధ్యలో వైఫై నడిపేవాడికీ, సర్వర్‌లోకి జొరబడ్డ దొంగకీ మహా అయితే కవరు మీది చిరునామా కనపడుతుందేమో గానీ లోపలి మాట కనపడదు. ఈ పద్ధతికి మూలం సిగ్నల్ ప్రోటోకాల్. వాట్సాప్ వాడేదీ అదే.

మబ్బుచాటు గారి అనుమానంలో నిజముంది, కాకపోతే ఆయన వేలు పెట్టిన చోటు వేరు. తెరిచే కీ కంపెనీ దగ్గర లేదు కాబట్టి నేరుగా చదవడం కుదరదు. కానీ "అవతలి మనిషి కీ ఇదిగో" అని చెప్పేది సర్వరే కదా, అది అబద్ధపు కీ ఇస్తే? ఆ అనుమానం తీర్చుకోవడానికే చాట్‌లో 60 అంకెల సెక్యూరిటీ కోడ్ పెట్టారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అంకెలు సరిపోల్చుకుంటే మధ్యలో దొంగ కీ లేదని తేలుతుంది. నా ఎరికలో ఆ పని చేసినవాళ్ళని ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టొచ్చు.

మబ్బుచాటు | మంగళవారం ఉదయం 7:41

ఆ అంకెలు చూపించేదీ వాళ్ళ యాపే కదా. అప్‌డేట్ పేరుతో రేపు ఏం పంపినా మనం ఇన్‌స్టాల్ చేసుకుంటాం.

గొళ్ళెం | మంగళవారం ఉదయం 7:52

అవును. దానికి నా దగ్గర అడ్డు సమాధానం లేదు. సిగ్నల్ యాప్ వాళ్ళు తమ కోడ్ బయటపెట్టి, మన ఫోన్‌లోకి వచ్చిన ఆండ్రాయిడ్ యాప్ ఆ కోడ్ నుంచే తయారైందో లేదో ఎవరైనా పరీక్షించుకునే వీలు ఇచ్చారు. అంతకన్నా ముందుకి వెళితే ఫోన్ తయారుచేసినవాణ్ణి కూడా అనుమానించాలి. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకర్ని నమ్మాల్సిందే.

తూనీగ | మంగళవారం ఉదయం 9:15

సందు దొరికింది కాబట్టి నా గోడు కూడా వినండి. బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, పాస్‌వర్డ్ బదులు 64 అక్షరాల కీ ఎంచుకున్నాను. గొప్పకి పోయి. ఆ కీని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచాను. ఫోన్ నీళ్ళలో పడింది. కొత్త ఫోన్‌లో బ్యాకప్ కనిపిస్తోంది, సైజు కూడా చూపిస్తోంది, కీ అడుగుతోంది. నాలుగేళ్ళ చాట్లు. మా నాన్నగారి వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయి. ఏమైనా దారుందా?

గొళ్ళెం | మంగళవారం ఉదయం 9:40

లేదండీ. బాధగానే ఉంది చెప్పడానికి. కీ లేకుండా దాన్ని తెరవగలిగేవాళ్ళు ఎవరైనా ఉంటే అది ఎన్‌క్రిప్షనే కాదు. ఒక చిన్న ఆశ ఏమిటంటే, నాన్నగారితో మీ చాట్ అవతలి వైపు ఆయన ఫోన్‌లో కూడా ఉంటుంది. ఆ ఫోన్ ఇంట్లో ఉంటే అందులో ఏమీ మార్చకుండా ముందు దాన్ని చూడండి, రీసెట్ చేయొద్దు.

తూనీగ | మంగళవారం ఉదయం 9:44

ఉంది. అమ్మ దగ్గరుంది. నాకు ఈ ఆలోచనే రాలేదు.

నీలిసిరా | మంగళవారం రాత్రి 8:30

నా లింక్డ్ డివైసెస్‌లో నా ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది. తన దాంట్లో రెండున్నాయి. ఒకటి తన ఆఫీసు కంప్యూటర్. రెండోది ఒక బ్రౌజర్, చివరిసారి వాడింది "ఈ రోజు" అని చూపిస్తోంది. అదేమిటో మొదట తనకే గుర్తు రాలేదు. తర్వాత తెలిసింది. ఎనిమిది నెలల క్రితం వాళ్ళ అక్క ఇంట్లో ఏదో కాగితం ప్రింటు తీయడానికి బావగారి ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేసి తెరిచిందట. పని అయ్యాక ట్యాబ్ మూసేసింది. లాగౌట్ చేయలేదు.

నాకు వాక్యం అప్పజెప్పింది ఆ బావగారే.

పాతకాపు | మంగళవారం రాత్రి 8:37

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనవాళ్ళు పది నిమిషాల లెక్కతో పట్టేశారు.

నీలిసిరా | మంగళవారం రాత్రి 8:45

కానీ నాకర్థం కానిది, నేను డిలీట్ చేశాను కదా. ఆ ల్యాప్‌టాప్‌లో కూడా పోవాలి కదా? పైగా ఎనిమిది నెలలుగా అది లింక్ అయి ఉంటే నాకు గానీ తనకి గానీ ఒక్క హెచ్చరిక కూడా ఎందుకు రాలేదు?

గొళ్ళెం | మంగళవారం రాత్రి 9:20

డిలీట్ అక్కడా పనిచేసింది, పోయింది కూడా. అయితే మెసేజ్ వచ్చిన క్షణంలో తెర మూల ఒక చిన్న పెట్టె లేస్తుంది చూడండి, నోటిఫికేషన్. దాన్లో మీ వాక్యం మొత్తం ఉంటుంది. ఆయన కళ్ళు దాన్ని అప్పుడే చదివేశాయి. డిలీట్ అంటే మీ యాప్ అవతలి యాప్‌కి పంపే ఒక విన్నపం, "ఆ మాట చెరిపెయ్" అని. అవతలి యాప్ మర్యాదగా చెరిపేస్తుంది. చదివిన మనిషికి ఆ విన్నపం చేరదు, అప్పటికే తీసిన స్క్రీన్‌షాట్‌కీ చేరదు.

హెచ్చరిక సంగతి. వాట్సాప్‌లో సెక్యూరిటీ కోడ్ మారిందన్న నోటీసు అవతలివాళ్ళు అకౌంట్‌ని మొత్తం కొత్తగా రిజిస్టర్ చేసినప్పుడు వస్తుంది, అంటే ఫోన్ మార్చినప్పుడో, యాప్ తీసేసి మళ్ళీ పెట్టినప్పుడో. ఒక బ్రౌజర్‌ని అదనంగా లింక్ చేస్తే రాదు. ఫోన్ ఓనరే స్కాన్ చేసి, ఫోన్‌లోని కీతో సంతకం పెట్టి ఆ డివైసుని తన జాబితాలో చేర్చుకున్నారు కాబట్టి యాప్ దృష్టిలో అది ఆవిడే. ప్రతి లింకుకీ మీకు నోటీసు వస్తే రెండు వారాల్లో మీరు వాటిని చదవడం మానేస్తారన్నది దాని వెనకున్న లెక్క. ఆ లెక్క సరైనదేనా అంటే, మీ కేసు విన్నాక గట్టిగా అవుననలేకపోతున్నాను.

ఇంకొక సంగతి. ప్రధాన ఫోన్‌ని 14 రోజులకి మించి వాడకపోతే లింక్ అయినవన్నీ వాటంతటవే తెగిపోతాయి. ఆవిడ రోజూ ఫోన్ వాడుతుంది కాబట్టి ఈ లింక్ ఎనిమిది నెలలూ బతికే ఉంది. ట్యాబ్ మూయడం అంటే పుస్తకం మూయడం లాంటిది, ఆ ఇంటికి పుస్తకాలు రావడం దాంతో ఆగదు.

నిజానికి ఇక్కడ ఎన్‌క్రిప్షన్ పొరపాటు చేయలేదు. పొద్దున చెప్పిన నాలుగు కవర్ల లెక్క గుర్తుందా? అది ఊహకి చెప్పాను గానీ మీ ఇద్దరి డివైసులూ అచ్చం అలాగే ఉన్నాయి. మీరు గురువారం సెండ్ నొక్కినప్పుడు మీ ఫోనే బావగారి ల్యాప్‌టాప్ పేరు మీద ఒక కవరు సీలు వేసి పంపింది. దారిలో ఎవరూ తెరవకుండా, చిరునామా తప్పకుండా చేర్చింది.

నీలిసిరా | మంగళవారం రాత్రి 9:31

అంటే నేనే ఆయనకి పంపాను, రోజూ, ఎనిమిది నెలలు.

అటకమీద | మంగళవారం రాత్రి 9:50

నేనిప్పుడే నా ఫోన్‌లో చూసుకున్నాను. మూడున్నాయి. ఒకటి మా అబ్బాయి కంప్యూటర్. యాప్ లాక్ పెట్టుకుని ధీమాగా ఉన్నాను ఇన్నాళ్ళూ.

రెండోజాము | మంగళవారం రాత్రి 10:15

నేను టెలిగ్రామ్ వాడతాను, అదీ ఎన్‌క్రిప్టెడే కదా? అందులో డివైసుల జాబితా స్పష్టంగా కనిపిస్తుంది, కొత్త లాగిన్ అయితే మెసేజ్ కూడా వస్తుంది. వాట్సాప్ కన్నా ఇదే నయం అనిపిస్తోంది.

గొళ్ళెం | మంగళవారం రాత్రి 10:28

లాగిన్ హెచ్చరిక విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ అందులో మామూలు చాట్లు ఎండ్-టు-ఎండ్ కావు. మీ ఫోన్ నుంచి వాళ్ళ సర్వర్ దాకా భద్రం, సర్వర్‌లో తెరిచే కీ వాళ్ళ దగ్గరుంటుంది. కొత్త ఫోన్‌లో లాగిన్ అవగానే పాత చాట్లన్నీ బ్యాకప్ లేకుండానే వచ్చేస్తాయి చూడండి, అదెలా కుదురుతోందో ఆలోచిస్తే విషయం అర్థమవుతుంది. ఎండ్-టు-ఎండ్ కావాలంటే సీక్రెట్ చాట్ అని విడిగా మొదలుపెట్టాలి. అది ఇద్దరికే, గ్రూపులకి లేదు.

పాతకాపు | బుధవారం ఉదయం 6:50

కవరు లోపలి మాట సంగతే చెబుతున్నారు అందరూ. కవరు మీది చిరునామా మాటేమిటి? ఎవరు ఎవరికి, ఏ వేళకి, రోజుకెన్నిసార్లు. అర్ధరాత్రి ఒంటిగంటకి రోజూ ఒకే నంబరుకి మెసేజ్ పోతుంటే లోపలేముందో చదవాలా?

గొళ్ళెం | బుధవారం ఉదయం 7:30

చదవక్కర్లేదు. ఆ లెక్క ఎన్‌క్రిప్షన్ చేతిలో లేనిది, సర్వర్ నడిపేవాళ్ళు ఎంత రాసి పెట్టుకుంటారన్న దాని మీద ఉంటుంది. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ సిగ్నల్ వాళ్ళకి సమన్లు పంపి ఖాతా వివరాలు అడిగితే, వాళ్ళ దగ్గర ఇవ్వడానికి ఉన్నవి రెండే. ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వర్‌కి కనెక్ట్ అయిన రోజు. మిగతాది దాచుకోకపోవడం వల్ల ఇవ్వలేకపోయారు. అందరూ అలా ఉండరు. మెసేజ్‌లకి అదే తాళం వాడే యాప్ కూడా మీరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది దాచుకోవచ్చు.

తూనీగ | బుధవారం ఉదయం 8:05

మరి మాయమైపోయే మెసేజ్‌లు పెట్టుకుంటే వీటన్నిటికీ మందు కాదా?

గొళ్ళెం | బుధవారం ఉదయం 8:24

కొంతవరకు. రేపు ఫోన్ పోతే దొంగ చేతికి ఐదేళ్ళ చాట్ బదులు ఒక వారం చాట్ మాత్రమే దొరుకుతుంది, అది తక్కువ లాభమేమీ కాదు. ఎందుకంటే ఎన్‌క్రిప్షన్ కీలు ప్రతి మెసేజ్‌కీ మారుతూ, వాడినవి చెరిగిపోతూ ఉంటాయి గానీ, తెరిచిన మెసేజ్ మాత్రం ఫోన్‌లో అలాగే పడి ఉంటుంది. దాన్ని మాయం చేసే పని ఈ సెట్టింగ్‌ది. కానీ మాయమయ్యే లోపు బ్యాకప్ జరిగితే అందులోకి వెళుతుంది, రీస్టోర్ చేసేటప్పుడు యాప్ తీసేస్తుంది. బావగారి తెర మీద లేచే పెట్టెని మాత్రం ఇది ఆపదు.

నీలిసిరా | బుధవారం రాత్రి 9:05

తను ఆ బ్రౌజర్‌ని ఫోన్ నుంచే లాగౌట్ చేసింది. బావగారితో ఇంకా మాట్లాడలేదు, అక్క సంసారం అని వెనకాడుతోంది. అది తన ఇష్టం.

ఒకటి మాత్రం కుదరడం లేదు. ఆయన ఇంకో సందర్భంలో ఒక ఫొటో గురించి కూడా మాట్లాడాడు. అది నేను తనకి పంపింది ఏడాది క్రితం. ల్యాప్‌టాప్ లింక్ అయింది ఎనిమిది నెలల క్రితమే.

గొళ్ళెం | బుధవారం రాత్రి 9:32

రెండు దారులు కనిపిస్తున్నాయి. కొత్త డివైసు లింక్ అయినప్పుడు ఫోన్ తన దగ్గరున్న చాట్ చరిత్రలో కొంత దానికి పంపుతుంది. అదీ సీలు వేసే పంపుతుంది గానీ, పాతవి కూడా వెళతాయి. అప్పటికి ఫొటో నాలుగు నెలల పాతది, అలా వెళ్ళి ఉండొచ్చు.

రెండోది, వచ్చిన ఫొటోలు ఆవిడ ఫోన్ గ్యాలరీలో వాటంతటవే సేవ్ అవుతున్నాయేమో అడగండి. గ్యాలరీలోకి వెళ్ళిన ఫొటోకి చాట్‌తో సంబంధం తెగిపోయినట్టే. అక్కడ్నుంచి క్లౌడ్‌కి, కుటుంబమంతా చూసే ఆల్బమ్‌కి పోతే అది మామూలు ఫొటో. ఈ రెండింట్లో ఏదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను.

మబ్బుచాటు | బుధవారం రాత్రి 9:40

మూడో దారి నేను మొదట్లో చెప్పిందే. కొట్టిపారేయకండి.

నీలిసిరా | బుధవారం రాత్రి 10:10

అడిగాను. గ్యాలరీలో సేవ్ అవుతున్నాయట. ఫ్యామిలీ ఆల్బమ్ కూడా ఉందట. అది ఎవరెవరితో షేర్ అయి ఉందో తనకే గుర్తు లేదు, రేపు చూసి చెబుతానంది.